సమయానికి చేరుస్తాం అనకండి, ఎన్నింటికి బయలుదేరాలో చెప్పండి

ఒడిశాలోని జయపురంలో మా బావ మూడు బండ్లు తిప్పుతాడు. ఎక్కువగా వైజాగ్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులే. లోకల్ కేబుల్లో వేయడానికి, వాట్సాప్‌లో పంపడానికి ముప్పై సెకన్ల ప్రకటన ఒకటి కావాలని, ఎవరో రాసిచ్చిన స్క్రిప్టు నాకు పంపాడు. ఇక్కడి దుకాణాలకు అప్పుడప్పుడు ప్రకటనలు రాసిపెడుతుంటాను కాబట్టి "కాస్త చూడు" అన్నాడు. అందులో వీణ వినిపిస్తుంది. తెల్లజుట్టు తల్లిదండ్రులు గుమ్మంలో నిలబడతారు. కొడుకు చేయి పట్టుకుని బండి ఎక్కిస్తాడు. "మీ అమ్మానాన్నలు మాకూ అమ్మానాన్నలే. మెరుపు వేగం, పూర్తి భద్రత, సమయపాలనే మా ప్రాణం" అని గొంతు వినిపిస్తుంది. కింద ఇంగ్లీషులో సన్న అక్షరాలతో షరతులు వర్తిస్తాయని ఒక గీత.

నాకు కోపం తెప్పించింది వీణ కాదు. ఈ ప్రకటన విన్నాక కూడా నాకు తెలియాల్సిన ఒక్క విషయం తెలియలేదు: మా నాన్నను ఎన్నింటికి నిద్ర లేపాలి?

పెద్దవాళ్లతో ఎయిర్‌పోర్టుకు వెళ్లే కుటుంబానికి అమ్మాల్సింది ఆ ఒక్క సంఖ్యే అని నేనంటాను. చేరే టైముకు ఏ డ్రైవరూ హామీ ఇవ్వలేడు. ఘాట్లో లారీ అడ్డం పడితే ఎవరి ప్రాణమైన సమయపాలనా పనిచేయదు. బయలుదేరే టైముకైతే హామీ ఇవ్వవచ్చు, అదీ వెనక్కి లెక్కేసి, లెక్క వినిపించి.

వెనక్కి లెక్క

పొద్దున్న 10.30కి హైదరాబాద్ విమానం ఉందనుకుందాం. దేశంలో తిరిగే విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ మామూలుగా గంట ముందు మూసేస్తారు. అంటే 9.30. కానీ వీల్‌చెయిర్ కావాల్సిన మనిషి ఉంటే ఆ 9.30ను పట్టుకుని లెక్క వేయకూడదు. కుర్చీ వచ్చేదాకా ఆగాలి, తోసే మనిషి దొరకాలి, సెక్యూరిటీలో చేతికర్ర, నడుం బెల్టు తీసి మళ్లీ పెట్టాలి. నా లెక్కలో రెండు గంటల ముందు, అంటే 8.30కి ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర దిగాలి. వీల్‌చెయిర్ మాట టికెట్ తీసేటప్పుడే, లేదా ప్రయాణానికి కనీసం రెండు రోజుల ముందే విమాన సంస్థకు చెప్పాలి. అక్కడికి వెళ్లి అడిగితే ఇవ్వరని కాదు, ఎంతసేపటికి వస్తుందో చెప్పలేరు.

ఇక దారి. జయపురం నుంచి కోరాపుట్, పొట్టంగి, సుంకి ఘాట్, సాలూరు, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం, ఆనందపురం. దాదాపు 220 కిలోమీటర్లు. మైదానంలో అయితే నాలుగు గంటల పని. కానీ ఇది 26వ నంబర్ జాతీయ రహదారి. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వైజాగ్ పోర్టుకు దిగే బరువు లారీలు చాలా ఈ ఘాట్లోనే దిగుతాయి. మలుపుల్లో వాటి వెనక నడవడం తప్ప చేసేదేమీ లేదు. నేను ఐదున్నర గంటలు వేసుకుంటాను. కుర్రాళ్లు ఐదు చాలంటారు. కుర్రాళ్లు ఒక్కళ్లే వెళ్లేటప్పుడు అది నిజమే.

తరవాత దారిలో ఆగే సమయం. మనం టీకి దిగితే పది నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్న మనిషి దిగి, చెప్పులు వేసుకుని, బాత్రూందాకా నడిచి, తిరిగొచ్చి, ఎక్కి, బెల్టు పెట్టుకునేసరికి ఇరవై నిమిషాలు అవుతుంది. రెండుసార్లు ఆగితే నలభై. ఇవన్నీ 8.30 నుంచి తీసేస్తే 2.20. చలికాలమైతే పొట్టంగి, సుంకి దగ్గర మంచుకు ఇంకో అరగంట. అంటే 1.50. అర్ధరాత్రి దాటాక రెండింటికి పది నిమిషాల ముందు బండి కదలాలి. ఇంట్లో వాళ్లు ఒంటిగంటకు లేవాలి.

ఈ లెక్క బావకు కాగితం మీద వేసి చూపించాను. ఆయన "అందుకే కదా, మేం రెండింటికే వెళ్తాం, ఎప్పుడూ ఫ్లైట్ తప్పలేదు" అన్నాడు గర్వంగా. నాకు అక్కడే అనుమానం మొదలైంది.

తొందరగా బయలుదేరడం భద్రతేనా?

రెండింటికి బయలుదేరిన బండి ఘాట్లోకి వచ్చేది మూడు, మూడున్నరకి. మనిషి ఒంటికి నిద్ర అన్నిటికన్నా గట్టిగా పట్టే సమయం అదే. ఎంత అలవాటున్న డ్రైవరైనా ఆ వేళ రెప్ప బరువెక్కుతుంది. చీకటి, మంచు, బరువు లారీలు, నిద్ర. విమానం తప్పిపోతుందన్న భయంతో బండికి కలిపిన గంటలన్నీ తీసుకెళ్లి ప్రమాదం ఎక్కువున్న చోట పెట్టాం. ప్రకటనలో "సమయపాలన, భద్రత" అని పక్కపక్కనే చెప్పేస్తున్నాం కానీ, ఈ దారిలో పొద్దుటి విమానానికి ఆ రెండూ ఒకదాన్నొకటి కొరుక్కు తింటాయి.

డ్రైవర్ సంగతి పక్కన పెట్టినా, పెద్దవాళ్లకు నిద్ర లేని రాత్రి చిన్న విషయం కాదు. మా మామయ్యగారికి గుండె మందులతో పాటు నీరు పోయే మాత్ర ఒకటి ఉంది, రోజూ పొద్దున్న వేసుకుంటారు. ఒకసారి ఇలాగే రాత్రి ప్రయాణంలో, ఎటూ లేచాను కదా అని బయలుదేరే ముందే వేసేసుకున్నారు. కోరాపుట్ దాటాక మొదలైంది. ఘాట్లో ఆపే చోటు లేదు, ఆపినా దిగే వీలు లేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు, పళ్లు బిగబట్టి కూర్చున్నారు. సాలూరు చేరేసరికి మనిషి చెమటతో తడిసిపోయారు. ఆ రోజు విమానం సమయానికే అందింది. ప్రకటనల లెక్కలో అది విజయవంతమైన ట్రిప్పే. ఆ మాత్ర ప్రయాణం రోజు ఎన్నింటికి వేసుకోవాలో ముందే డాక్టర్ను అడిగి ఉంటే సరిపోయేదని మా అత్తయ్యగారు ఇప్పటికీ అంటారు. షుగరున్నవాళ్ల ఇన్సులిన్ సంగతీ అంతే. సూది వేసుకున్నాక తిండి ఎక్కడ, ఎన్నింటికి అన్నది బయలుదేరకముందే తేలాలి.

అందుకే నా వాదన ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది. ఈ కొండ దారిలో పెద్దవాళ్లకు బండి నడిపే మనిషి తన ప్రకటనలో పొద్దుటి విమానం వద్దని చెప్పాలి. మధ్యాహ్నం 3.30 విమానం తీసుకోండి. 1.30కి ఎయిర్‌పోర్టు దగ్గర దిగాలి. దారికీ, మధ్యలో ఆగడానికీ కలిపి ఆరు గంటల పది నిమిషాలు వెనక్కి వేస్తే 7.20, కాస్త చేతిలో పెట్టుకుని ఏడింటికి బయలుదేరితే చాలు. ఇంట్లో ఇడ్లీ తిని, మందులు చూసుకుని బయలుదేరవచ్చు. ఘాట్ దగ్గరికి వచ్చేసరికి బాగా పొద్దెక్కుతుంది, మంచు చాలా రోజుల్లో విడుతుంది. పొద్దుటి విమానమే తప్పదంటే ముందు రోజు మధ్యాహ్నం దిగి, రాత్రి వైజాగ్‌లో పడుకోండి.

బావ నవ్వాడు. "నా ప్రకటనలో నేనే టికెట్ మార్చుకోమని చెప్పాలా? వాడు పక్కవాడికి ఫోన్ చేస్తాడు, పక్కవాడు రెండింటికి వస్తాడు." ఇది తేలిగ్గా కొట్టేసే మాట కాదు. టికెట్ కొనేది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు. పొద్దుటి విమానం రేటు ఎంతో వాడికి తెలుసు. సుంకి ఘాట్ మూడున్నరకి ఎలా ఉంటుందో వాడు మరిచిపోయి చాలా కాలమైంది. బండి కోసం ఫోన్ చేసేసరికి టికెట్ కొనేసి ఉంటాడు. అందుకే ఈ మాట ఫోన్లో చెబితే ఆలస్యం, ప్రకటనలోనే చెప్పాలి. టికెట్ కొనకముందు చెవిన పడగలిగేది అదొక్కటే.

కనిపించే భద్రత, లేని భద్రత

మొదటి స్క్రిప్టులో "లైవ్ ట్రాకింగ్" అని కూడా ఉంది. వినడానికి బాగుంటుంది. ఘాట్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. బండి మ్యాపు మీద ఒకచోట ఆగిపోయినట్టు కనిపిస్తుంది. మా వీధిలో ఒకావిడ కొడుకు హైదరాబాద్‌లో కూర్చుని ఆ చుక్కనే చూస్తూ, అది ముప్పావుగంట కదలకపోయేసరికి టెన్షన్ పడి ఊళ్లో అందరికీ ఫోన్లు చేశాడు. బండి మాత్రం హాయిగా దిగుతూనే ఉంది. బండిలో బిగించే ట్రాకింగ్ పరికరమూ మొబైల్ నెట్‌వర్క్ మీదే సమాచారం పంపుతుంది కాబట్టి అదీ అక్కడ మూగబోతుంది. దానికన్నా "ఘాట్ దిగి సాలూరు చేరగానే డ్రైవర్ ఫోన్ చేస్తాడు" అన్న మాట నయం. ఎప్పుడు ఎదురుచూడాలో, ఎప్పటిదాకా కంగారు పడనక్కర్లేదో కొడుక్కి ముందే తెలుస్తుంది.

అసలు చెప్పాల్సిన భద్రత నంబర్ ప్లేటు రంగులో ఉంది. మా వైపు తెలిసినవాళ్ల తెల్ల బోర్డు కారు మాట్లాడుకోవడం మామూలే. కిరాయి తక్కువ, మనిషి మనవాడు. కానీ సొంతానికి తీసుకున్న కారు పాలసీ, కిరాయికి తిప్పుతున్నప్పుడు జరిగిన ప్రమాదానికి వర్తించదు. క్లెయిమ్ వేస్తే కంపెనీ మొదట అడిగేది అదే. పైగా ఒడిశా బండి ఆంధ్రలోకి వెళ్తోంది. పసుపు బోర్డు ఉండి, అవతలి రాష్ట్రానికి చెల్లే పర్మిట్ ఉండాలి. దేశమంతా చెల్లే టూరిస్ట్ పర్మిట్ ఉంటే ఆ గొడవ ఉండదు. లేకపోతే తనిఖీలో బండి పక్కకు పెట్టిస్తారు. విమానం ఉన్న రోజున, వెనక సీట్లో ఎనభై ఏళ్ల మనిషి ఉండగా, రోడ్డు పక్కన కాగితాల బేరం. సమయపాలన పోయేది కూడా అక్కడే.

ఇంకో సంగతి, "మెరుపు వేగం". క్యాబులకు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉండాలి. అది ఉన్న బండి మెరుపులా వెళ్లదు, మెరుపులా వెళ్తోందంటే అది తీసేశారన్నమాట. ఏ రకంగా చూసినా ప్రకటనలో ఆ మాట యజమానికే చేటు.

కింద ఆ ఇంగ్లీషు షరతుల గీత కూడా తీసేయమన్నాను. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, హామీ ఏ భాషలో ఇస్తే షరతూ ఆ భాషలోనే ఉండాలి. పైన ఇచ్చిన మాటను కింద షరతు కొట్టేయకూడదు. బావ "మా ఊరి కేబుల్ ప్రకటనకు ఢిల్లీ నుంచి వస్తారా" అన్నాడు. రారు. కానీ చదవలేని భాషలో షరతు పెట్టడమంటే, చదవకపోతే బాగుండునని మనమే అనుకోవడం.

ముప్పై సెకన్లు

ముప్పై సెకన్లలో, నంబరు చెప్పే సమయం తీసేస్తే, తీరిగ్గా చదివితే యాభై, అరవై మాటలకు మించి పట్టవు. అందుకే కథ వద్దు, ఒక ఫోన్ కాల్ చాలనుకున్నాను. ఇలా రాశాను:

(ఫోన్ మోగుతుంది.)

కూతురు: హలో, వైజాగ్ ఎయిర్‌పోర్టుకి బండి కావాలండీ. అమ్మా, నాన్నా వెళ్తారు.

క్యాబ్ మనిషి: ఫ్లైట్ ఎన్నింటికమ్మా? వీల్‌చెయిర్ చెప్పారా?

కూతురు: మధ్యాహ్నం మూడున్నరకి. నాన్నకి వీల్‌చెయిర్ చెప్పాం.

క్యాబ్ మనిషి: అయితే పొద్దున్న ఏడింటికి బయలుదేరాలి. ఆరూ యాభైకే బండి మీ గుమ్మం ముందుంటుంది. దారిలో రెండుసార్లు ఆగుతాం. సాలూరు దిగగానే డ్రైవర్ మీకు ఫోన్ చేస్తాడు.

గొంతు: పసుపు బోర్డు బండి. రాత్రి నిద్రపోయిన డ్రైవర్. బండి పావుగంట లేటైతే కిరాయిలో ఐదొందలు తగ్గింపు. టికెట్ కొనేముందే ఒక్క ఫోన్ చేయండి.

ఇందులో "జాగ్రత్తగా", "ప్రేమగా" అన్న మాటలు లేవు. ఉన్న ప్రతి మాటనూ ఇంటివాళ్లు సరిచూసుకోవచ్చు. ఆరూ యాభైకి బండి ఉందా లేదా? బోర్డు ఏ రంగు? సాలూరు నుంచి ఫోన్ వచ్చిందా? "రాత్రి నిద్రపోయిన డ్రైవర్" అన్నదొక్కటే కళ్లకు కనిపించదు. కానీ నిన్న రాత్రి ఎక్కడికి ట్రిప్పు వేశావు బాబూ అని అడగడానికి పెద్దాయనకు ధైర్యం వస్తుంది. ప్రకటనలోనే చెప్పిన మాట కాబట్టి డ్రైవర్‌కూ తప్పుగా అనిపించదు.

బావ ఈ స్క్రిప్టును తన పెద్ద డ్రైవర్‌కు వినిపించాడు. ఇరవై ఏళ్లుగా ఈ ఘాట్లో బండి నడుపుతున్న మనిషి. ఆయన తప్పు పట్టింది నాకు బాగా నచ్చిన లైనునే, ఐదొందల తగ్గింపు. "బాబూ, ముందు రోజు వైజాగ్ వెళ్లిన బండి రాత్రి పదకొండుకి తిరిగొస్తుంది. పొద్దున్న ఆరూ యాభైకి నేను గుమ్మం ముందుండాలి. ఐదొందలు పోతాయంటే యజమాని నన్ను నిద్ర లేపి పంపుతాడు. మీ నిద్రపోయిన డ్రైవర్ ఎక్కడి నుంచొస్తాడు?" అన్నాడు.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వైజాగ్ వెళ్లొచ్చిన డ్రైవర్‌కు మర్నాడు పొద్దుటి ట్రిప్పు వేయకూడదన్న నియమం ఉంటేనే ఆ తగ్గింపు మంచిది. లేకపోతే అది నిద్రలేని మనిషిని ఘాట్లోకి తోసే జరిమానా. మూడు బండ్లకు ముగ్గురే డ్రైవర్లున్న వ్యాపారంలో ఈ నియమం పెట్టుకుంటే కొన్ని బుకింగులు వదులుకోవాలి. నాలుగో డ్రైవర్ జీతం ఎవరు భరిస్తారు? కిరాయిలోనే కలపాలి. ఆ పెరిగిన కిరాయి చూసి కుటుంబాలు తెల్ల బోర్డు వైపు పోతాయేమో. పోవచ్చు. అందరినీ తెచ్చుకోవడం ఈ ప్రకటన పని కాదని నేననుకుంటాను. ఇంట్లో వీల్‌చెయిర్ మనిషి ఉన్నవాళ్లు నాలుగైదు వందలు ఎక్కువైనా ఆ లెక్క చెప్పే బండికే వస్తారు. వస్తారనడానికి నా దగ్గర రుజువు లేదు. మా ఇల్లు అలాగే ఎంచుకుంటుందన్నది తప్ప.

తిరుగు ప్రయాణం

ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తెచ్చే వైపు ఎవరూ ప్రకటనలో చెప్పరు. అక్కడ సమయపాలన అంటే ఓపిక. వీల్‌చెయిర్ వాళ్లను విమానం నుంచి ఆఖరున దింపుతారు. సామాను తీసుకుని బయటికి వచ్చేసరికి దిగాక అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఈలోపు డ్రైవర్ "పార్కింగ్ టైమవుతోందండీ, ఎక్కడున్నారు" అని ఫోన్ చేస్తూంటే, కుర్చీలో ఉన్న మనిషి ఫోన్ ఎత్తలేక, ఎత్తకుండా ఉండలేక సతమతమవుతారు. పార్కింగ్ డబ్బు కిరాయిలోనే ఉందని ముందే చెప్పి, బయటికొచ్చాక మీరే ఫోన్ చేయండి, మేం చేయం అని ఒక్క మాట అంటే చాలు. రెండో ప్రకటన రాస్తే దీని మీదే రాస్తాను.

భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టు నుంచి విమానాలు నడిచేటప్పుడు పై లెక్కలో చివరి గంట మారుతుంది. విజయనగరం దాటాక వైజాగ్ ఊళ్లోకి, ఎన్ఏడీ జంక్షన్ రద్దీలోకి దిగనక్కర్లేదు. అప్పుడు కాస్త ఆలస్యంగా బయలుదేరినా సరిపోతుంది కానీ ఘాట్ అక్కడే ఉంటుంది. "వైజాగ్ ఎయిర్‌పోర్టు" అని ఒకే మాట వాడే ప్రకటనలు అప్పుడు ఇబ్బంది పెడతాయి. టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టు ఉందో ఫోన్లో అడగడం తప్పనిసరి అవుతుంది.

బావ చివరికి వీణ తీసేశాడు, మెరుపు తీసేశాడు, ఫోన్ కాల్ ఉంచాడు. ఐదొందల లైను మీద డ్రైవర్లతో కూర్చుని మాట్లాడతానన్నాడు. "టికెట్ కొనేముందే ఒక్క ఫోన్ చేయండి" అన్న లైను మాత్రం వద్దంటున్నాడు. బండి కోసం కాకుండా సలహా కోసం ఫోన్లు వస్తాయట, ఎవరు ఎత్తాలట. మా చెల్లెలు ఇంట్లోనే ఉంటుంది, ఘాట్ సంగతీ మందుల సంగతీ ఇద్దరికన్నా దానికే బాగా తెలుసు, ఆ నంబరు దాని చేతిలో పెట్టు అన్నాను. దాన్ని అడిగి చెప్తానన్నాడు.